మూడో వాక్యాన్ని కొట్టేయకండి

2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక ప్రకటన చేసింది. కోవిడ్ రోగుల ప్రాణాలు నిలబెట్టే మందు ఒకటి దొరికిందని దాని సారం. అది కొత్త మందేమీ కాదు. ఆస్తమాకూ కీళ్ళవాతానికీ అలర్జీలకూ దశాబ్దాలుగా వాడుతున్న డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్. నెల తిరిగాక, జులై 17న, ఆ పరిశోధన పత్రాన్ని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఆన్‌లైన్‌లో ప్రచురించింది. పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు నడిపిన ఆ పరిశోధన పేరు 'రికవరీ'.

ఇలాంటి ప్రతి పత్రానికీ మొదట్లో అబ్‌స్ట్రాక్ట్ అని ఒక పేరా ఉంటుంది. పత్రం మొత్తాన్నీ ఒక పేజీలోపు కుదించి చెప్పేది అదే. మనలో చాలామందికి పత్రం దొరకదు, దొరికినా చదివే ఓపిక ఉండదు. పత్రికా విలేకరి అయినా, కుటుంబ వాట్సాప్ గ్రూపులో వార్త పెట్టే మేనల్లుడైనా ఆ అబ్‌స్ట్రాక్ట్ చూసే రెండు మూడు మాటల్లో చెబుతాడు. ఆ రెండు మూడు మాటలే జనంలోకి వెళ్తాయి. వాటిని ఎలా రాయాలన్నది ఈ ఒక్క అబ్‌స్ట్రాక్ట్‌ను పట్టుకుని చూద్దాం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. తప్పుగా కుదిస్తే మనుషులకు హాని జరగగల పత్రం ఇది.

అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న విషయాన్ని దాని బిగువు చెడకుండా తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారికి రకరకాల చికిత్సలను పోల్చే నియంత్రిత, ఓపెన్-లేబుల్ ట్రయల్‌లో రోగులను యాదృచ్ఛికంగా విడదీసి, కొందరికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను నోటి ద్వారా గానీ ఇంజెక్షన్‌గా గానీ 10 రోజుల వరకు ఇచ్చారు, మిగిలినవారికి మామూలు చికిత్స మాత్రమే చేశారు. ప్రధానంగా చూసింది 28 రోజుల్లో మరణాలు. డెక్సామెథసోన్ పొందిన 2,104 మందిలో 482 మంది (22.9 శాతం), మామూలు చికిత్స పొందిన 4,321 మందిలో 1,110 మంది (25.7 శాతం) చనిపోయారు. వయసు తేడాను సరిచేశాక రేట్ నిష్పత్తి 0.83, 95 శాతం విశ్వాస అంతరం 0.75 నుంచి 0.93. చేరినప్పటి శ్వాస సాయాన్ని బట్టి ఈ తేడా చాలా మారింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 29.3 శాతం, 41.4 శాతం (నిష్పత్తి 0.64, అంతరం 0.51 నుంచి 0.81). వెంటిలేటర్ లేకుండా ఆక్సిజన్ తీసుకుంటున్నవారిలో 23.3, 26.2 (0.82, 0.72 నుంచి 0.94). ఏ శ్వాస సాయమూ అక్కర్లేనివారిలో 17.8, 14.0 (1.19, 0.92 నుంచి 1.55).

ఇన్ని అంకెలు చూసి కళ్ళు తిరిగితే అది పాఠకుడి తప్పు కాదు. ఈ పేరా రాసింది వైద్యులు వైద్యుల కోసం. ఇందులో ప్రతి అంకెకూ పని ఉంది. కాకపోతే ఆ పని చాలామటుకు మరో పరిశోధకుడికే.

దీన్ని కుదించమంటే తొందరలో ఎవరైనా రాసే మూడు వాక్యాలు ఇలా ఉంటాయి: "బ్రిటన్‌లో ఆరు వేల మందికి పైగా కోవిడ్ రోగుల మీద డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పరీక్షించారు. ఆ మందు వాడినవారిలో మరణాలు 25.7 శాతం నుంచి 22.9 శాతానికి తగ్గాయి. చవకగా దొరికే ఈ మందు కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని తేలింది."

మొదటి రెండు వాక్యాల్లో అబద్ధం లేదు. అంకెలు అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నవే. మూడోది కూడా చాలామంది రోగుల విషయంలో నిజమే. అయినా ఈ కుదింపు చెడ్డది. ఎందుకో తెలియాలంటే 22.9 అనే అంకె ఎలా వచ్చిందో చూడాలి.

అది సగటు. ట్రయల్‌లో ఉన్న 6,425 మందిలో 1,007 మంది వెంటిలేటర్ మీద ఉన్నవారు, 3,883 మంది ఆక్సిజన్ తీసుకుంటున్నవారు, 1,535 మంది ఆస్పత్రిలో ఉన్నా ఆక్సిజన్ అవసరం లేనివారు. ఈ మూడు గుంపులనూ కలిపేస్తే నూటికి దాదాపు ముగ్గురు తక్కువగా చనిపోయినట్టు కనిపిస్తుంది. విడదీసి చూస్తే వెంటిలేటర్ గుంపులో నూటికి పన్నెండు మంది తక్కువ, ఆక్సిజన్ గుంపులో నూటికి ముగ్గురు తక్కువ. ఆక్సిజన్ అవసరం లేని గుంపులో మాత్రం మందు తీసుకున్న 501 మందిలో 89 మంది, తీసుకోని 1,034 మందిలో 145 మంది పోయారు. అంటే నూటికి దాదాపు నలుగురు ఎక్కువ. పత్రంలో ఉన్న అసలు సంగతి ఇదే: జబ్బు ముదిరినకొద్దీ మందు బాగా పనిచేసింది, జబ్బు తేలికగా ఉన్నచోట మేలు చేసిన జాడ లేదు. సగటు అంకె ఈ సంగతిని పూర్తిగా మింగేసింది.

ఇప్పుడు ఆ చెడ్డ కుదింపును ఎవరు చదువుతారో ఆలోచించండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి చదవడు. అతని మందు సంగతి డాక్టర్ చూసుకుంటాడు. చదివేది జ్వరంతో ఇంట్లో పడుకుని ఫోన్ చూసుకుంటున్న మనిషి, లేదా అతని కొడుకు. ఆ మనిషికి వర్తించే ఒక్క ముక్కనే కుదింపులో కొట్టేశాం. ఏది కొట్టేయాలో తేల్చుకోవడానికి నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: ఈ మూడు వాక్యాలు ఎవరి చేతిలో పడతాయి, వాళ్ళు ఆ పరిశోధనలో ఏ గుంపుకు చెందుతారు?

అబ్‌స్ట్రాక్ట్ చదివే వరుస కూడా దీన్ని బట్టే మారుతుంది. పైనుంచి కిందికి చదివితే నేపథ్యం, పద్ధతి మొదట వస్తాయి, ఫలితాల దగ్గరికి వచ్చేసరికి అలసిపోతాం. చివర ఉన్న ముగింపు వాక్యాన్ని ముందు చదవాలి. పరిశోధకులు తమ పని మీద తాము ఇచ్చే తీర్పు అక్కడుంటుంది. రికవరీ పత్రంలో ఆ వాక్యం చాలా నిజాయితీగా ఉంది. ఆస్పత్రిలో చేరినవారిలో వెంటిలేటర్ మీద గానీ ఆక్సిజన్ మీద గానీ ఉన్నవారికి మరణాలు తగ్గాయనీ, శ్వాస సాయం అక్కర్లేనివారికి తగ్గలేదనీ ఒకే ఊపిరిలో చెప్పారు. ఆ 'తగ్గలేదు' అన్న చివరి ముక్క మన మూడు వాక్యాల్లో లేకపోతే పత్రం రాసినవారి తీర్పును మనం మార్చేసినట్టే. ముగింపు చదివాక వెనక్కి వెళ్ళి ఫలితాల అంకెలు దానికి నిలబడుతున్నాయా లేదా చూసుకోవాలి. అన్ని పత్రాల్లోనూ ముగింపు ఇంత జాగ్రత్తగా ఉండదు. కొన్నింటిలో ఫలితాలు చెప్పినదానికంటే ముగింపు పెద్ద మాటలు చెబుతుంది. అప్పుడు మనం నమ్మాల్సింది ఫలితాలనే.

అంకెల్లో ఏవి ఉంచాలి? నిష్పత్తులూ అంతరాలూ మామూలు పాఠకుడికి అక్కర్లేదు. కానీ వాటిని మనం అర్థం చేసుకుని కొట్టేయాలి, అర్థం కాక కాదు. వెంటిలేటర్ గుంపు నిష్పత్తి 0.64. అంటే మందు తీసుకున్నవారిలో మరణాల వేగం తీసుకోనివారితో పోలిస్తే మూడో వంతుకు పైగా తక్కువ. దాని అంతరం 0.51 నుంచి 0.81. అసలు నిజం ఈ మధ్యలో ఎక్కడో ఉండవచ్చని లెక్క. ఎక్కడున్నా ఒకటి కంటే తక్కువే కాబట్టి మేలు జరిగిందని గట్టిగా అనవచ్చు. మూడో గుంపు అంతరం 0.92 నుంచి 1.55. ఇది ఒకటికి ఇటూ అటూ పరుచుకుంది. మరణాలు 8 శాతం తగ్గడం దగ్గర్నుంచి 55 శాతం పెరగడం వరకు ఏదైనా అయి ఉండవచ్చు.

అందుకే మూడో గుంపు గురించి రాసేటప్పుడు రెండు వైపులా జారే ప్రమాదముంది. 14 శాతం 17.8 అయింది కదా అని "ఈ మందు తేలికపాటి రోగులను చంపుతుంది" అని రాస్తే పత్రం చెప్పనిది చెప్పినట్టు. అంతరం ఒకటిని దాటి ఇటూ ఉంది కదా అని "తేలికపాటి రోగులకు తేడా ఏమీ లేదు" అని రాసినా తప్పే, ఎందుకంటే కీడు జరగలేదని కూడా తేలలేదు. మేలు కనబడలేదు, కీడు చేసి ఉండవచ్చన్న అనుమానం తీరలేదు. పత్రం చెప్పింది సరిగ్గా అంతే. ఆ మాటను అలాగే రాయవచ్చు, తెలుగులో దానికేమీ అడ్డు లేదు.

శాతాలు, నిష్పత్తులు అనే ఈ రెండు రకాల లెక్కలను కలపకపోవడం మరో జాగ్రత్త. "మరణాలు మూడో వంతు తగ్గాయి" అన్న మాట ఆక్స్‌ఫర్డ్ ప్రకటనలోనే ఉంది, తప్పు కాదు. కానీ మూడో వంతు దేనిలో అన్నది పాఠకుడికి తెలియదు. నూటికి తొంభై మంది చనిపోయే జబ్బులోనూ, నూటికి ముగ్గురు చనిపోయే జబ్బులోనూ మూడో వంతు తగ్గవచ్చు. మొదటిదాంట్లో ముప్ఫై మంది బతుకుతారు, రెండోదాంట్లో ఒక్కరు. నూటికి 41 మంది పోయేచోట 29 మంది పోయారని రాస్తే ఎంత జబ్బో, ఎంత మేలో రెండూ ఒకేసారి తెలుస్తాయి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. 41.4ను 29.3తో పోల్చి ఎవరైనా కాలిక్యులేటర్ కొడితే తగ్గుదల 29 శాతమే వస్తుంది, 0.64 ప్రకారం 36 శాతం రావాలి. తేడా ఎందుకంటే ఆ నిష్పత్తి వయసు సరిచేశాక వచ్చింది. ట్రయల్‌లో మందు అందిన గుంపు సగటు వయసు రెండో గుంపుకంటే ఏడాది పైచిలుకు ఎక్కువ, ముసలివారికి ముప్పు ఎక్కువ కాబట్టి ఆ తేడాను లెక్కలో సర్దారు. మూడు వాక్యాల్లో ఇదంతా చెప్పలేం. కాబట్టి శాతాలే వాడాలి, వాటి పక్కన 'మూడో వంతు' అన్న మాట పెట్టకూడదు. రెండూ పెడితే లెక్క కట్టి చూసే పాఠకుడికి మన మీదే అనుమానం వస్తుంది.

ఇక పద్ధతి సంగతి. ఓపెన్-లేబుల్ అంటే ఎవరికి మందు ఇస్తున్నారో డాక్టరుకూ రోగికీ తెలుసునని. నొప్పి తగ్గిందా, నిద్ర పట్టిందా అని అడిగే పరిశోధనలో అది పెద్ద లోపం. తెలిసి తీసుకున్న మనిషి తగ్గిందనే చెబుతాడు. ఇక్కడ కొలిచింది చావు. చావు ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు కాబట్టి ఆ మాటను కుదింపులో వదిలేయవచ్చు. యాదృచ్ఛికంగా విడదీయడం మాత్రం వదలకూడదు. ఎవరికి మందు ఇవ్వాలో డాక్టర్లు ఎంచుకుని ఉంటే, బాగా జబ్బు చేసినవారికే ఎక్కువగా ఇచ్చారేమో, లేక బతుకుతారనుకున్నవారికే ఇచ్చారేమో అన్న సందేహం ఎప్పటికీ తీరేది కాదు. 'లాటరీ పద్ధతిలో' అని ఒక్క మాట పడితే ఆ సందేహం పోతుంది.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుని రాస్తే మూడు వాక్యాలు ఇలా వస్తాయి:

"బ్రిటన్ ఆస్పత్రుల్లో చేరిన 6,425 మంది కోవిడ్ రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి మామూలు వైద్యంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను తక్కువ మోతాదులో 10 రోజుల వరకు ఇచ్చారు. 28 రోజుల్లో, మందు అందనివారితో పోలిస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో నూటికి 41 మంది చనిపోయేచోట 29 మంది, ఆక్సిజన్ తీసుకుంటున్నవారిలో 26 మంది పోయేచోట 23 మంది చనిపోయారు. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు మాత్రం మందు మేలు చేసినట్టు కనబడలేదు, కీడు చేసి ఉండవచ్చన్న అనుమానం కూడా తీరలేదు."

మొదటి వాక్యం ఎవరికి ఏం చేశారో చెబుతుంది. రెండోది ఏం దొరికిందో, మూడోది అది ఎక్కడ ఆగిపోతుందో. మొత్తం సగటు 22.9 ఇందులో లేదు. అబ్‌స్ట్రాక్ట్‌లో అదే మొదట కనిపించే పెద్ద ఫలితం. అయినా దాన్ని కావాలనే వదిలేశాను. మూడు వాక్యాల చోటులో సగటుకూ గుంపులకూ రెంటికీ చోటు లేదు, పాఠకుడికి కావాల్సింది గుంపులే. 6 మిల్లీగ్రాములు అని కాకుండా 'తక్కువ మోతాదు' అని రాయడం కూడా తెలిసి చేసినదే. మోతాదు అంకె కనబడితే దాన్ని పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్ళేవారు ఉంటారు. వైద్యుల పత్రికకు రాస్తే ఆ అంకె ఉండి తీరాలి.

మందు ఎలా పనిచేసిందన్నది కూడా ఇందులో లేదు. జబ్బు ముదిరాక ఊపిరితిత్తులను దెబ్బతీసేది చాలావరకు మన ఒంటి రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకమేననీ, స్టెరాయిడ్ దాన్ని చల్లారుస్తుందనీ, జబ్బు మొదట్లో అదే వ్యవస్థ వైరస్‌తో పోరాడుతుంటుంది కాబట్టి అప్పుడు దాన్ని అణచడం మంచిది కాకపోవచ్చనీ వైద్యులు వివరిస్తారు. నమ్మదగిన వివరణే. కానీ ఈ ట్రయల్ కొలిచింది చావులనే. కారణాన్ని కుదింపులోకి చొప్పిస్తే అది కూడా ఈ పరిశోధనే తేల్చిందని పాఠకుడు అనుకుంటాడు. అబ్‌స్ట్రాక్ట్‌లో లేనిదాన్ని, ఎంత నిజమైనా, ఆ మూడు వాక్యాల్లో పెట్టకూడదు. కావాలంటే నాలుగో వాక్యంగా విడిగా, 'వైద్యుల వివరణ ఇది' అని చెప్పి రాయాలి.

కుదింపు సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ రంగంతో సంబంధం లేని మనిషికి, ఇంట్లో అమ్మకో బాబాయికో, ఒక్కసారి చదివి వినిపించండి. 'అర్థమైందా?' అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. దానికి బదులు ఒక సందర్భం చెప్పి ఏం చేస్తారో అడగండి: "బాబాయ్, పక్కింటాయనకు కోవిడ్ వచ్చింది, జ్వరముంది, ఆక్సిజన్ మాత్రం 98 ఉంది. ఈ మందు వేసుకోమంటావా?" మొదటి కుదింపు విన్న బాబాయి 'వేసుకోమను, చవకేగా' అంటాడు. రెండోది విన్నాయన 'ఆయనకెందుకురా, అది ఆక్సిజన్ పెట్టినవాళ్ళకు కదా' అనాలి. అలా అనకపోతే లోపం బాబాయిది కాదు, మన వాక్యాలది.

ఈ తేడా మన తెలుగు నేల మీద ఎంత దూరం వెళ్ళగలదో 2021 ఏప్రిల్, మే నెలల్లో చూశాం. రెండో వేవ్‌లో ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క, డాక్టర్లు అందక, ఒక కుటుంబానికి రాసిచ్చిన చీటీ ఫొటో తీసి ఇంకో పది కుటుంబాలు వాడుకున్న రోజులవి. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే ఇంట్లో స్టెరాయిడ్లు మింగినవారు ఎందరో. జబ్బు తొలినాళ్ళలో స్టెరాయిడ్ వద్దని పెద్ద డాక్టర్లు ఆ మే నెలలో పదేపదే చెప్పాల్సి వచ్చింది. అదే సమయంలో బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని దాని చికిత్సకు నోడల్ కేంద్రంగా పెట్టారు, ఆంధ్రప్రదేశ్ ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ ఫంగస్‌కు అదుపులో లేని షుగర్ పెద్ద కారణం, స్టెరాయిడ్లు షుగర్‌ను పెంచుతాయి, రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ప్రతి కేసునూ సొంత వైద్యం మీదకు నెట్టలేం. ఆస్పత్రిలో అవసరానికే స్టెరాయిడ్ పొందినవారికీ అది వచ్చింది. కానీ ఆక్సిజన్ అక్కర్లేకుండానే ఆ మాత్రలు మింగినవారు తమకు మేలు జరుగుతుందన్న ఆధారం ఏదీ లేకుండానే ఆ ముప్పును నెత్తికెత్తుకున్నారు.

అప్పటికి ఆ మాట కొత్తదీ కాదు, రహస్యమూ కాదు. 2020 జులైలోనే పత్రం ముగింపు వాక్యంలో ఉంది. 2020 సెప్టెంబరు 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంది: తీవ్రంగా జబ్బుపడినవారికి స్టెరాయిడ్ ఇవ్వండి, తీవ్రత లేనివారికి వద్దు. జనంలో తిరిగిన మాటలో మాత్రం మొదటి సగమే మిగిలింది.

అందుకని మీ పత్రికలోనో ఫోన్‌లోనో ఒక మందు గురించి, ఒక ఆహారం గురించి, ఒక పరీక్ష గురించి 'పరిశోధనలో తేలింది' అన్న రెండు మూడు వాక్యాలు కనబడినప్పుడు, అది ఎవరికి పనిచేయలేదో అందులో రాశారా అని చూడండి. రాయకపోతే పత్రం పేరు వెతికి, అబ్‌స్ట్రాక్ట్‌లో చివరి వాక్యం చదవండి. చాలా వైద్య పత్రాలకు అబ్‌స్ట్రాక్ట్ వరకు ఉచితంగానే దొరుకుతుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లల చేత చదివించుకోండి. ఆ ఒక్క వాక్యం చదవడానికి నిమిషం కూడా పట్టదు.